షేక్ అయిన వీడియోని ఎడిటింగ్‌లో స్టెబిలైజ్ చేయడం: క్రాప్ ఎంత పోతుంది, జెల్లో ఎందుకొస్తుంది – తరచుగా అడిగే ప్రశ్నలు

పెళ్లి వీడియోలు, ట్రావెల్ వ్లాగ్‌లు ఎడిట్ చేసేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు ఇవి. ఎక్కువగా ప్రీమియర్ ప్రోలోని వార్ప్ స్టెబిలైజర్ గురించే చెప్పాను, ఎందుకంటే మనవాళ్లలో ఎక్కువమంది చేతిలో ఉన్నది అదే. రిజాల్వ్, జైరోఫ్లో గురించి కూడా కింద కొంచెం ఉంది.

స్టెబిలైజర్ అసలు ఏం చేస్తుంది? ఊపుని తీసేస్తుందా?

తీసెయ్యదండీ, ఫ్రేమ్‌ని ఎదురు దిక్కుకి జరుపుతుంది, అంతే. ముందు వీడియో మొత్తం చూసి గోడ మూల, కిటికీ అంచు, బోర్డు మీద అక్షరం లాంటి కొన్ని వందల చుక్కలు పట్టుకుని అవి ఒక ఫ్రేమ్ నుంచి ఇంకో ఫ్రేమ్‌కి ఎంత జరిగాయో లెక్కేస్తుంది, ఆ లెక్కలోంచి కెమెరా కదిలిన దారి ఒకటి గీసుకుని, దాన్ని నున్నగా చేసి, అసలు దారికీ నున్నటి దారికీ ఉన్న తేడా ఎంతో అంత ఫ్రేమ్‌ని వెనక్కి జరుపుతుంది. కెమెరా కిందకి జారి ఫ్రేమ్‌లో బొమ్మ 100 పిక్సెల్స్ పైకి పోతే, దాన్ని 100 పిక్సెల్స్ కిందకి దింపుతుంది. అప్పుడు పైన 100 పిక్సెల్స్ ఖాళీ వస్తుంది కదా, ఆ నల్ల అంచు కనపడకుండా ఉండటానికే జూమ్. అంటే షేక్‌ని మనం అంచుల్లో ఉన్న బొమ్మ ఇచ్చి కొనుక్కుంటున్నాం. మిగతా ప్రశ్నలన్నీ ఆ ధర ఎంతన్న దాని చుట్టూనే తిరుగుతాయి.

ఎఫెక్ట్ వెయ్యగానే అంత జూమ్ అయిపోయింది, ఎంత పోయిందో ఎలా తెలుస్తుంది?

ప్రీమియర్‌లో Effect Controls ప్యానెల్‌లో Borders కింద Auto-scale అని ఉంటుంది, దాని పక్కన బ్రాకెట్‌లో ఒక శాతం కనిపిస్తుంది. చాలామంది ఆ నంబర్ వైపు చూడరు, చూడాల్సింది మాత్రం అదే. అక్కడ 110 శాతం అని ఉంటే 3840×2160 ఫ్రేమ్‌లో మీకు మిగిలింది దాదాపు 3491×1964. వెడల్పులో తక్కువే పోయినట్టు అనిపిస్తుంది కానీ విస్తీర్ణం లెక్కలో 17 శాతం పైనే పోయింది. 125 శాతం అయితే మూడో వంతు కంటే ఎక్కువ పోయినట్టే, 64 శాతం బొమ్మే మిగులుతుంది, 24 ఎంఎం వైడ్‌లో తీసిన షాట్ 30 ఎంఎంతో తీసినట్టు అవుతుంది. ఇరుకు గదిలో అందరూ పట్టేలా వైడ్ పెట్టి తీసుంటే అంచులో నిలబడ్డ మేనత్త ఫ్రేమ్‌లో ఉండదు, ఆ తర్వాత ఫోన్ మీకే వస్తుంది.

ఇంకో సంగతి, అదే సైజు కుదుపు అయినా అడ్డంగా వస్తే ఒక ధర, నిలువుగా వస్తే ఇంకో ధర. 4కె ఫ్రేమ్‌లో రెండు పక్కలా 190 పిక్సెల్స్ చొప్పున అడ్డంగా ఊగితే 111 శాతం స్కేల్‌తో సరిపోతుంది, అదే 190 పైకీ కిందకీ ఊగితే 121 శాతం కావాలి, ఎత్తు తక్కువ కాబట్టి. నడుస్తూ తీసినప్పుడు వచ్చేది ఎక్కువగా పైకీ కిందకీ వచ్చే ఊపే, అందుకే నడక షాట్‌లు అంత ఖరీదు. చెయ్యి 2 డిగ్రీలు పక్కకి వాలినా దానొక్కదానికే 6 శాతం స్కేల్ పోతుంది.

4కెలో తీసి 1080లో ఇస్తాను, అప్పుడు క్రాప్ ఫ్రీయే కదా?

క్వాలిటీ పరంగా దాదాపు ఫ్రీయే, కానీ పని సరైన వరసలో చేస్తేనే. ఫ్రేమింగ్ ఎలాగూ పోతుంది, అది 8కెలో తీసినా పోతుంది.

వార్ప్ స్టెబిలైజర్‌కి ఒక పట్టింపు ఉంది, క్లిప్ సైజూ సీక్వెన్స్ సైజూ ఒకటే ఉండాలంటుంది. మీరు 1080 టైమ్‌లైన్‌లో 4కె క్లిప్ వేసి ఎఫెక్ట్ పెడితే బ్యానర్ చూపించి ఆగిపోతుంది. దానికి అందరూ చెప్పే మందు నెస్ట్ చెయ్యమని. ఇక్కడే దెబ్బ తగులుతుంది, 1080 టైమ్‌లైన్‌లో క్లిప్ మీద రైట్ క్లిక్ చేసి Nest కొడితే ఆ నెస్ట్ కూడా 1080లోనే పుడుతుంది, అంటే మీ 4కె ముందే 1080కి కుదించుకుపోయింది, దాని మీద స్టెబిలైజర్ 125 శాతం స్కేల్ చేస్తే నిజంగా మిగిలేది 1536×864, దాన్ని సాగదీసి 1080 అంటున్నాం. మొహాలు మెత్తగా, జరీ అంచు మసగ్గా కనిపిస్తే చాలాసార్లు కారణం ఇదే.

సరైన వరస ఇలా: ప్రాజెక్ట్ ప్యానెల్‌లో ఆ క్లిప్ మీద రైట్ క్లిక్ చేసి New Sequence From Clip, అప్పుడు 4కె సీక్వెన్స్ వస్తుంది. అందులో ట్రిమ్ చేసి, వార్ప్ స్టెబిలైజర్ వేసి, అనలైజ్ అయ్యాక ఆ సీక్వెన్స్‌నే మీ 1080 టైమ్‌లైన్‌లోకి లాగి స్కేల్ 50 పెట్టండి. ఇప్పుడు 125 శాతం స్కేల్ అయినా మిగిలింది 3072×1728 నిజమైన పిక్సెల్స్, 1080కి కావాల్సిన దానికన్నా చాలా ఎక్కువ.

స్పీడ్ మార్చిన క్లిప్‌కి కూడా ఇదే పద్ధతి, ఒకే క్లిప్ మీద స్పీడూ స్టెబిలైజరూ రెండూ కుదరవు, కాబట్టి లోపలి సీక్వెన్స్‌లో స్టెబిలైజ్ చేసి బయట స్లో చేసుకోండి.

ఒక క్లిప్ తీసుకుని మొదటి నుంచి చివరిదాకా ఎలా చేస్తారో చెప్పగలరా?

పెళ్లికూతురు గౌరీపూజ గది నుంచి మండపం దాకా నడిచొస్తోంది, కెమెరామేన్ ఎదురుగా వెనక్కి నడుస్తూ ఫోన్‌తో తీశాడు, 4కె, సెకనుకి 30 ఫ్రేములు, 12 సెకన్ల క్లిప్ అనుకుందాం. డిఫాల్ట్ సెట్టింగులతో, అంటే Smoothness 50 శాతం, Method లో Subspace Warp, వేసి చూస్తే Auto-scale పక్కన 131 శాతం అని వచ్చింది. బొమ్మలో 58 శాతమే మిగిలింది, పైన పూలజడ దగ్గర కట్, కింద పారాణి పెట్టిన పాదాలు లేవు, అవే షాట్‌కి ప్రాణం.

ఇప్పుడు సెట్టింగులు తిప్పడం మొదలుపెట్టొద్దు. ముందు ఎఫెక్ట్ ఆఫ్ చేసి క్లిప్ మామూలుగా చూడండి, ఎక్కడ అన్నిటికంటే గట్టిగా కుదిపిందో పట్టుకోండి. ఈ క్లిప్‌లో ఏడో సెకను దగ్గర కెమెరామేన్ మడమకి మండపం మెట్టు తగిలింది, ఒక 20 ఫ్రేముల పాటు ఫోన్ ఎగిరిపడింది. మిగతా క్లిప్పంతా మామూలు నడక ఊపే. కానీ ఆటో స్కేల్ క్లిప్ మొత్తానికి ఒకటే నంబర్, అది అన్నిటికంటే చెడ్డ ఫ్రేమ్‌ని బట్టి వస్తుంది. సెకను కూడా లేని ఆ కుదుపుకి మిగతా 11 సెకన్లూ జరిమానా కడుతున్నాయన్నమాట.

కాబట్టి ఎఫెక్ట్ తీసేసి, ఆ 20 ఫ్రేములు కోసేసి, రెండు ముక్కలు చేసి, ఆ ఖాళీలో నాదస్వరం వాయించే ఆయన క్లోజప్పో అక్షింతల పళ్లెమో ఏదో ఒక కటవే వెయ్యండి. తర్వాత రెండు ముక్కలకీ విడివిడిగా స్టెబిలైజర్. ఇప్పుడు మొదటిదానికి 112, రెండోదానికి 114 లాంటి నంబర్లు వస్తాయి. Method ని Position, Scale, Rotation కి మార్చి Smoothness 15 కి దించితే ఇంకా తగ్గి 108 దగ్గరకి వస్తుంది. 108 అంటే 3556×2000 మిగిలినట్టు, బొమ్మలో 86 శాతం. పాదాలు వెనక్కొచ్చాయి. నడక తెలుస్తుంది, కానీ అది చేతితో తీసిన షాట్ అని తెలిస్తే వచ్చిన నష్టమేం లేదు, పెళ్లిలో అందరూ నడుస్తూనే ఉంటారు.

చివర్న రెండు ముక్కల స్కేల్ నంబర్లు పక్కపక్కన చూడండి. ఒకటి 108, ఇంకోటి 111 అయితే కటవే అయ్యాక ఆవిడ కొంచెం దగ్గరికొచ్చినట్టు అనిపిస్తుంది, తక్కువగా ఉన్నదానికి Additional Scale లో 103 పెడితే సరిపోతుంది.

Smoothness ఎంత పెట్టాలి మరి?

డిఫాల్ట్ 50 నా లెక్కలో ఎక్కువే. 5 దగ్గర మొదలుపెట్టి 10, 15 అని పైకి వెళ్లండి, ఎక్కడ కంటికి హాయిగా అనిపిస్తే అక్కడ ఆగిపోండి. దీన్ని మారిస్తే మళ్లీ మొత్తం అనలైజ్ చెయ్యదు, చుక్కల లెక్క అలాగే ఉంటుంది, స్టెబిలైజ్ చేసే దశ మాత్రమే మళ్లీ నడుస్తుంది, కాబట్టి ప్రయోగాలు చవకే.

Result లో No Motion అనేది మాత్రం నిలబడి తీసిన షాట్‌కే, ట్రైపాడ్ మీద పెట్టినట్టు కావాలనుకున్నప్పుడు. కెమెరా కొద్దిగా పాన్ అయినా దాన్ని వాడితే స్కేల్ ఆకాశానికి పోతుంది, లేదా కుదరదని చెప్పేస్తుంది.

గోడలు రబ్బరులా వంగుతున్నాయి, మనిషి మొహం సాగిపోతోంది. అది జెల్లోనేనా?

చాలాసార్లు కాదు. Subspace Warp ఫ్రేమ్‌ని ఒకే ముక్కగా జరపదు, ఒక్కో భాగాన్ని ఒక్కోలా వంచుతుంది. దగ్గర వస్తువు ఎక్కువ జరిగి దూరంగా ఉన్నది తక్కువ జరిగే షాట్‌లలో ఆ వంపు మంచి పనే చేస్తుంది, కానీ ముందు జనం అడ్డంగా నడుస్తుంటేనో, ఫ్రేమ్ నిండా పెళ్లికూతురే ఉంటేనో, అది మనుషుల కదలికనే కెమెరా కదలిక అనుకుంటుంది. అప్పుడు మనిషి నిలబడి వెనకున్న గోడ ఊగుతుంది. ఊరేగింపుల్లో ఇది మరీ ఎక్కువ, చుక్కలు పట్టుకోవడానికి అక్కడ జనం తప్ప ఇంకేం ఉండదు కదా.

మొదటి పరీక్ష: ఎఫెక్ట్ పక్కనున్న fx నొక్కి ఆపండి. అసలు ఫుటేజ్‌లో గోడ తిన్నగా ఉంటే తప్పు స్టెబిలైజర్‌ది, Method ని Position, Scale, Rotation కి దించండి. అప్పటికీ లొంగకపోతే క్లిప్‌ని ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌కి పంపి అక్కడ Show Track Points టిక్ చేసి, మనిషి మీద ఉన్న చుక్కల్ని లాసోతో ఎంచుకుని డిలీట్ కొట్టండి, గోడ మీదవీ నేల మీదవీ ఉంచండి. విసుగు పనే, కానీ జనం ఉన్న షాట్‌కి ఇంతకన్నా నమ్మకమైనది ఇంకోటి లేదు. అసలు ఫుటేజ్‌లోనే గోడ వంకరగా ఉంటే, కింది ప్రశ్న మీ కోసమే.

అసలు రోలింగ్ షటర్ జెల్లో అంటే ఏంటి? మామూలు షేక్‌కీ దానికీ తేడా ఎలా తెలుస్తుంది?

ఫోన్లలోనూ మనం వాడే చాలా కెమెరాల్లోనూ సెన్సర్ బొమ్మనంతా ఒక్కసారి చదవదు, పై వరస నుంచి కింది వరస దాకా ఒక్కో వరసా చదువుకుంటూ వస్తుంది. అలా మొత్తం చదవడానికి 20 మిల్లీసెకన్లు పట్టిందనుకుందాం, అంటే ఫ్రేమ్ కింది అంచు పై అంచు కంటే సెకనులో యాభయ్యో వంతు తర్వాతి సంగతి చెబుతోంది. ఆ మధ్యలో కెమెరా కదిలితే ఒకే ఫ్రేమ్‌లో పై సగం ఒక చోట నుంచి, కింది సగం ఇంకో చోట నుంచి తీసినట్టు అవుతుంది. ఒకే వైపు వేగంగా కదిలితే స్తంభాలు పక్కకి వాలతాయి, గబగబా అటూ ఇటూ అదిరితే తిన్నని గీత పాము మెలికలు తిరుగుతుంది, దాన్నే జెల్లో అంటారు.

కనిపెట్టడం తేలిక. వీడియో ఆపి, యారో కీతో ఒక్కో ఫ్రేమ్ ముందుకి జరుపుతూ ఒక తలుపు చట్రాన్నో కరెంటు స్తంభాన్నో చూడండి. ప్రతి ఫ్రేమ్‌లోనూ తిన్నగానే ఉండి చోటు మాత్రం మారుతుంటే అది మామూలు షేక్. ఆపిన ఒక్క ఫ్రేమ్‌లోనే వాలి ఉంటే లేదా మెలిక ఉంటే రోలింగ్ షటర్.

ఇంకోటి, చాలామంది స్టెబిలైజ్ చేశాకే జెల్లో వచ్చిందంటారు. అది ముందు నుంచీ ఉంది, షేక్‌లో కలిసిపోయి కంటికి ఆనలేదు, స్టెబిలైజర్ ఫ్రేమ్‌ని కదలకుండా పట్టుకునేసరికి లోపలి వణుకు బయటపడింది.

బైక్ హ్యాండిల్‌కి ఫోన్ కట్టి తీసిన వీడియో. ఎంత స్టెబిలైజ్ చేసినా నీళ్లలోంచి చూసినట్టు ఉంది. ఏ సెట్టింగ్ మార్చాలి?

ఏ సెట్టింగూ పనిచెయ్యదు. ఎందుకో లెక్కేసి చూద్దాం. సింగిల్ సిలిండర్ బైక్ 1500 ఆర్‌పీఎం దగ్గర ఉంటే సెకనుకి 25 సార్లు అదురుతుంది, ఒక్కో అదురు 40 మిల్లీసెకన్లు. సెన్సర్ చదవడానికి 20 పడితే ఒక్క ఫ్రేమ్ చదివే లోపే ఫోన్ పైకి వెళ్లాల్సినంతా వెళ్లి కిందకి తిరుగుతోంది, అంటే ఫ్రేమ్ పై భాగం ఒక కొస దగ్గర, కింది భాగం ఎదురు కొస దగ్గర. 4500 ఆర్‌పీఎంకి వెళ్తే ఒక్క ఫ్రేమ్‌లోనే ఒకటిన్నర అల పడుతుంది. రోడ్డు మీది తెల్ల గీత మెలికలు తిరిగేది అందుకే.

స్టెబిలైజర్ ఫ్రేమ్‌కి ఒక్కసారే కొలుస్తుంది, సెకనుకి 30 సార్లు. 25 సార్లు అదిరేదాన్ని 30 సార్లు చూస్తే దానికి అది సెకనుకి 5 సార్లు ఊగే మెల్లటి ఊపులా కనిపిస్తుంది, ఆ లేని ఊపుని సరిచెయ్యడానికి ఫ్రేమ్‌ని జరుపుతుంది, ఇంకా చెడగొడుతుంది. వార్ప్ స్టెబిలైజర్‌లో Advanced కింద Rolling Shutter Ripple అని ఉంది, Automatic Reduction నుంచి Enhanced Reduction కి మార్చి చూడొచ్చు, చేతి ఊపుతో వచ్చే జెల్లోకి కొంత తేడా కనిపిస్తుంది, ఇంజిన్ అదురుకి మాత్రం ఆశ పెట్టుకోకండి.

దీనికి మందు తీసేటప్పుడే ఉంది. ఛాతీ మీదో హెల్మెట్ మీదో కట్టుకుంటే మన ఒళ్లే ఆ సన్న అదురుని మింగేస్తుంది, మెల్లటి ఊపే మిగులుతుంది, దాన్ని స్టెబిలైజర్ చూసుకుంటుంది. హ్యాండిల్ మీదే కావాలంటే రబ్బరు డ్యాంపర్ ఉన్న మౌంట్ తీసుకోండి. పైగా ఖరీదైన ఫోన్ అయితే కెమెరాకే ప్రమాదం, మోటార్‌సైకిల్ ఇంజిన్ అదురు వల్ల ఐఫోన్ కెమెరాలోని ఆప్టికల్ స్టెబిలైజేషన్, ఆటోఫోకస్ దెబ్బతినొచ్చని 2021లో యాపిల్ సంస్థే తన సపోర్ట్ పేజీలో రాసింది. అరకు ఘాట్ వీడియో బాగా రాకపోతే మళ్లీ వెళ్లొచ్చు, కెమెరా పోతే ఆ ఖర్చు వేరు.

బస్సులోంచి తీసిన వీడియోలో స్తంభాలన్నీ వాలిపోతున్నాయి, షేక్ ఏం లేదు.

ఇది బాగయ్యే రకం, వాలు ఒకే వైపు ఉంటుంది కాబట్టి. 4కె ఫ్రేమ్‌ని ఒక సెకనులో దాటేంత వేగంగా స్తంభం పోతుంటే 20 మిల్లీసెకన్లలో 77 పిక్సెల్స్ జరుగుతుంది, అంటే స్తంభం పై కొసకీ కింది కొసకీ మధ్య అంత వాలు. ప్రీమియర్‌లోనే Rolling Shutter Repair అని వేరే ఎఫెక్ట్ ఉంది. అందులో Rolling Shutter Rate అంటే ఫ్రేమ్ సమయంలో ఎంత శాతం చదవడానికి పోతోందన్నది. డీఎస్‌ఎల్‌ఆర్‌లకి 50 నుంచి 70, ఐఫోన్లకి 100 దగ్గర అని అడోబీ సహాయ పేజీలో ఉంది, అది రాసి చాలాకాలమైంది, ఇప్పటి ఫోన్లు చాలావరకు అంతకన్నా వేగంగా చదువుతాయి. కాబట్టి 50 దగ్గర మొదలుపెట్టి, ఒక స్తంభం మీద కన్నేసి అది నిలబడేదాకా జరపండి, ఎదురు వైపుకి వాలడం మొదలైతే ఎక్కువైందన్నట్టు.

ఫోన్ నిలువుగా పట్టుకుని తీసుంటే వరసలు పక్కనుంచి పక్కకి చదివినట్టు లెక్క, Scan Direction ని ఎడమ నుంచి కుడికో కుడి నుంచి ఎడమకో మార్చాలి, ఏదో ఒకటి వేసి చూస్తే తెలిసిపోతుంది. స్టెబిలైజర్ కూడా కావాలంటే ముందు ఇది వేసి, నెస్ట్ చేసి, ఆ నెస్ట్ మీద స్టెబిలైజర్. అయితే దగ్గరున్న స్తంభం వేగం వేరు, వెనకున్న కొండ వేగం వేరు, స్తంభం నిలబడితే కొండ అంచు కొంచెం వంగొచ్చు, ఏది ముఖ్యమో మీరే తేల్చుకోవాలి.

స్టెబిలైజ్ అయింది, ఊపు లేదు, కానీ బొమ్మ ఉండుండి మసకబారుతోంది.

కుదుపు వచ్చినప్పుడు షటర్ తెరిచి ఉన్నంతసేపూ బొమ్మ గీతలా సాగి పడింది. ఫ్రేమ్‌ని జరిపినా ఆ సాగినది సాగినట్టే ఉంటుంది. ఊగే వీడియోలో కన్ను దాన్ని పట్టించుకోదు, కదలని వీడియోలో ప్రతి అడుగుకీ ఒకసారి మసక కొట్టినట్టు కనిపిస్తుంది. ఎడిటింగ్‌లో దీనికి మంచి మందు లేదు, Smoothness తగ్గించి కొంచెం ఊపు మిగిల్చేస్తే ఆ మసకకి ఒక సాకు దొరుకుతుంది, నేను చేసేది అదే.

తీసేటప్పుడే స్టెబిలైజ్ చేస్తామని తెలిస్తే 1/50 వదిలేసి 1/100 కానీ ఇంకా వేగంగా కానీ పెట్టండి. కళ్యాణమండపం లైట్ల కింద మాత్రం 1/100 దగ్గర ఆగండి, మన కరెంటు 50 హెర్ట్జ్, లైట్లు సెకనుకి 100 సార్లు మెరుస్తాయి, 1/200కి వెళ్తే కొన్ని ట్యూబ్‌లైట్లూ ఎల్‌ఈడీలూ చారలు చారలుగా పడతాయి. పగలు బయట ఆ బాధ లేదు.

ఇక్కడో చిక్కు ఉంది, జెల్లోకి సరిగ్గా ఉల్టా. షటర్ నెమ్మదిగా ఉంటే మెలికలు మసకలో కలిసిపోయి తక్కువ కనిపిస్తాయి, డ్రోన్ వాళ్లు ఎన్‌డీ ఫిల్టర్ వేసేదానికి అదీ ఒక కారణం. చేత్తో నడిచే షాట్‌కి వేగమైన షటర్, అదిరే చోట నెమ్మది షటర్, రెండూ ఒకే షాట్‌లో ఉంటే మౌంట్ మార్చడమే.

క్రాప్ లేకుండా అంచులు నింపే ఆప్షన్ ఉందట కదా?

Framing లో Stabilize, Synthesize Edges అనేది అదే. ముందూ వెనకా ఫ్రేముల్లోంచి ముక్కలు తెచ్చి ఖాళీ అంచుకి అతుకుతుంది. అంచులో ఆకాశమో ఖాళీ గోడో ఉంటే అతుకు తెలియదు, అంచులో జనం నడుస్తుంటే సగం చెయ్యి ఒకటి గాల్లో వేలాడుతుంది. రెండర్ కూడా బాగా నెమ్మది. ఎవరూ లేని ఆరుబయట షాట్‌కి తప్ప నేను దాని జోలికి పోను.

అడ్డంగా తీసిన వీడియోని రీల్ కోసం నిలువుగా కట్ చేస్తున్నాను, అప్పుడూ అంతే క్రాప్ పోతుందా?

పోనక్కర్లేదు. 4కె ఫ్రేమ్‌లోంచి 9:16 తీస్తే ఎత్తు మొత్తం వాడతారు కానీ వెడల్పు 1215 పిక్సెల్సే, అటూ ఇటూ వెయ్యికి పైగా పిక్సెల్స్ ఎలాగూ పారేసేవే. కాబట్టి అడ్డంగా వచ్చే ఊపంతా ఆ పారేసే భాగంలోంచే తీర్చుకోవచ్చు. Framing లో Stabilize Only పెట్టండి, నల్ల అంచులు కనిపిస్తాయి, కంగారుపడకండి. ఆ సీక్వెన్స్‌ని నిలువు టైమ్‌లైన్‌లో వేసి, పైనా కిందా నల్ల అంచు పోయేంత మాత్రమే స్కేల్ పెంచండి. పక్కల అంచులు రీల్‌లో అసలు పడవు.

రిజాల్వ్‌లో అయితే?

ఫ్రీ వెర్షన్‌లోనే ఉంది. ఇన్‌స్పెక్టర్‌లో Stabilization కింద మూడు మోడ్‌లు, Perspective, Similarity, Translation. నడక షాట్‌కి Similarity తో మొదలుపెట్టండి, అది జరపడం, తిప్పడం, స్కేల్ మాత్రమే చేస్తుంది, వంచదు. Cropping Ratio పేరు చూసి చాలామంది ఉల్టా అనుకుంటారు, 1 అంటే క్రాప్ ఉండదు, స్టెబిలైజేషనూ ఉండదు, నంబర్ తగ్గించేకొద్దీ ఎక్కువ కోసుకోవడానికి దానికి అనుమతి ఇస్తున్నట్టు. నాకిది ప్రీమియర్ పద్ధతి కంటే నచ్చుతుంది, ఇంతకు మించి కొయ్యొద్దని ముందే హద్దు గీయొచ్చు. ఏదైనా మార్చాక Stabilize బటన్ మళ్లీ నొక్కాలి, అది మర్చిపోయి ఏం మారలేదంటుంటారు. Camera Lock ప్రీమియర్‌లోని No Motion లాంటిదే.

జైరోఫ్లో అంత బాగుంటుందంటున్నారు, నిజమేనా?

నిజమే, మీ కెమెరా దానికి పనికొస్తే. ఇది ఉచితం, ఓపెన్ సోర్స్. బొమ్మలో చుక్కలు వెతకదు, కెమెరా లోపలి జైరో రికార్డ్ చేసిన కదలికని చదువుతుంది, కాబట్టి ముందు ఎంత జనం నడిచినా దానికి సంబంధం లేదు. జైరో సెకనుకి కొన్ని వందల సార్లు కొలుస్తుంది కాబట్టి ఒక్క ఫ్రేమ్ లోపల ఏ వరస ఎప్పుడు ఎక్కడుందో కూడా తెలుస్తుంది, రోలింగ్ షటర్‌ని వరస వరసకీ సరిచెయ్యగలిగేది అందుకే. దానికి సెన్సర్ ఎన్ని మిల్లీసెకన్లలో చదువుతుందో ఇవ్వాలి, చాలా కెమెరాలకి దానంతటదే నింపుకుంటుంది.

గోప్రో, సోనీ మిర్రర్‌లెస్‌లలో చాలావాటి ఫైల్‌లోనే జైరో డేటా ఉంటుంది. కెమెరాలో ఉన్న ఎలక్ట్రానిక్ స్టెబిలైజేషన్ ఆపి తియ్యాలి, ఒకసారి జరిపిన బొమ్మని మళ్లీ జరిపితే లెక్క తప్పుతుంది. ఫోన్లతో కష్టం ఇక్కడే, ఆప్టికల్ స్టెబిలైజేషన్ లెన్స్‌ని తనంతట తాను కదుపుతుంది, జైరో చెప్పేదొకటి బొమ్మలో ఉండేదొకటి. క్రాప్ దీనికీ తప్పదు, కానీ డైనమిక్ జూమ్ ఉండటం వల్ల చెడ్డ చోట జూమ్ పెరిగి మంచి చోట తగ్గుతుంది, ఒక కుదుపుకి మొత్తం క్లిప్ బలి కాదు. అయితే ఆ జూమ్ లోపలికీ బయటికీ పోవడం నిలబడి తీసిన షాట్‌లో కనిపిస్తుంది, అక్కడ స్టాటిక్ వాడండి.

పాత లాప్‌టాప్, ఏ సాఫ్ట్‌వేరూ ఎక్కదు.

ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌తో రెండు కమాండ్‌లు చాలు, మీ బిల్డ్‌లో libvidstab ఉండాలి. మొదటిది కదలికని కొలిచి ఫైల్‌లో రాస్తుంది, రెండోది దాన్ని వాడి వీడియో చేస్తుంది.

```
ffmpeg -i pelli.mp4 -vf vidstabdetect=shakiness=5:accuracy=15:result=pelli.trf -f null -
ffmpeg -i pelli.mp4 -vf vidstabtransform=input=pelli.trf:smoothing=15:optzoom=1,unsharp=5:5:0.8:3:3:0.4 -c:a copy out.mp4
```

`smoothing=15` అంటే ముందు 15, వెనక 15, మధ్యది ఒకటి, మొత్తం 31 ఫ్రేముల సగటు, 30 ఫ్రేముల వీడియోలో దాదాపు ఒక సెకను. `optzoom=1` క్లిప్ మొత్తానికి ఒకటే జూమ్, `optzoom=2` పెడితే మెల్లగా మారే జూమ్. రోలింగ్ షటర్‌కి ఇది ఏం చెయ్యదు. కుదుపు ఉన్న ఫ్రేములు ముందే కోసేసి ఇవ్వడం ఇక్కడ కూడా అంతే అవసరం.

ఏ క్లిప్‌ని స్టెబిలైజ్ చెయ్యకుండా వదిలెయ్యాలి?

మంచి ఫ్రేములు ఉంచి చెడ్డవి కోశాక కూడా స్కేల్ 120 దాటుతుంటే నేను ఆపేస్తాను. బరాత్‌లో డాన్స్ చేస్తున్నవాళ్ల మధ్యలోంచి తీసిన షాట్‌కి అసలు వెయ్యను, అక్కడ కెమెరా కూడా డాన్స్‌లో ఉన్నట్టే ఉండాలి, నున్నగా చేస్తే డప్పు కొట్టుకీ బొమ్మకీ సంబంధం తెగిపోతుంది. ఆపిన ఫ్రేమ్‌లోనే గీతలు మెలికలు తిరిగి ఉన్నవాటికీ వెయ్యను, వాటిని రెండు సెకన్లకి మించకుండా వాడుకుని వేరే షాట్‌కి వెళ్లిపోతాను. మంగళసూత్రం ముడి లాంటి మళ్లీ రాని షాట్ అయితే మాత్రం 130 అయినా వేసి, మెత్తబడిన బొమ్మని ఒప్పుకుని ఇచ్చేస్తాను, అక్కడ ఎవరూ పిక్సెల్స్ లెక్కపెట్టరు.